అప్‌డేట్: మే ఎండలకు జూన్ అంచనా పొంగిపోవడం ఆగింది

నా ప్రశ్న: "చెన్నైలో టేబుల్ ఫ్యాన్ల షాపు షీటు. మే అమ్మకాలు ఎక్కించగానే జూన్ అంచనా మరీ పెరుగుతోంది. ఆల్ఫా తగ్గించాలా?"

దొరికిన జవాబు: ఆల్ఫాతో పని లేదు. ఇది హోల్ట్-వింటర్స్ అంచనా పద్ధతి, ఇందులో లెవెల్ అంటే సీజన్ ప్రభావం తీసేసిన మామూలు అమ్మకం. ఆ లెవెల్ సూత్రంలో మే అమ్మకాన్ని సీజన్ సూచికతో భాగించకపోవడమే కారణం. దాంతో కత్తిరి ఎండల గిరాకీ అసలు ఎదుగుదలగా లెక్కలోకి వచ్చేస్తోంది.

షీటులో B అమ్మకం, C లెవెల్, D ట్రెండ్, E సూచిక, F అంచనా. ఈ మే 18వ వరుస, నిరుటి మే 6వ వరుస. కొత్త అమ్మకానికి లెవెల్, ట్రెండ్, సూచికల్లో ఎంత బరువివ్వాలో చెప్పే ఆల్ఫా, బీటా, గామాలు H1, H2, H3లో 0.2, 0.1, 0.3.

```
F18: =(C17+D17)*E6
C18: =$H$1*B18/E6+(1-$H$1)*(C17+D17)
D18: =$H$2*(C18-C17)+(1-$H$2)*D17
E18: =$H$3*B18/C18+(1-$H$3)*E6
```

ఏప్రిల్ లెవెల్ 200, ట్రెండ్ 2, మే సూచిక 1.6 కాబట్టి మే అంచనా 323. అమ్మినవి 340. కొత్త లెవెల్ 204.1, ట్రెండ్ 2.21, సూచిక 1.62. జూన్ సూచిక 1.2 గనక జూన్ అంచనా 248. భాగించకపోతే లెవెల్ 229.6కి ఎగిరి, జూన్‌కి 281 చూపిస్తుంది. అంటే 33 ఫ్యాన్లు గోడౌన్లో ఊరికే పడుంటాయి.

ఈ తప్పు పట్టాలంటే C కాలమ్‌కి గ్రాఫ్ గీయండి. ఏటా మేలో అందులో గుట్ట కనిపిస్తే భాగహారం తప్పినట్టే.

ఇంకొకటి, మేలో సరుకు మధ్యలోనే అయిపోతే 340 అనేది అమ్మకమే గానీ గిరాకీ కాదు. దాన్ని అలాగే ఎక్కిస్తే వచ్చే మే సూచిక ఉండాల్సిన దానికన్నా తగ్గుతుంది. సరుకున్న రోజుల సగటుతో నెల మొత్తాన్ని సరిచేశాకే Bలో వేయాలి.