ప్రసంగం చివర పిలుపు స్పష్టంగా ఉండాలి, ఒత్తిడి ఉండకూడదు: ఎలా?

యువకాపరి (ప్రశ్న):
గత నెల ప్రసంగం ముగిస్తూ అందరినీ కళ్లు మూసుకోమన్నాను. తీర్మానం చేసుకున్నవారిని చేతులెత్తమని, ఎత్తినవారిని లేచి నిలబడమని, నిలబడినవారిని ముందుకు రమ్మని అడిగాను. పదకొండు మంది వచ్చారు. వారం తరువాత వారిలో ఒకరు, "చెయ్యెత్తాక వెనక్కి తగ్గడం ఎలాగో తెలియక వచ్చానండి" అన్నారు. అలాగని పిలుపు మానేస్తే ప్రసంగం ఉత్త ఉపన్యాసమవుతుంది. వచ్చే ఆదివారం మత్తయి 5:23-24 మీద, అంటే అర్పణను బలిపీఠం ఎదుటే విడిచి ముందు సహోదరునితో సమాధానపడమన్న మాట మీద బోధించాలి. చివరి ఐదు నిమిషాలు ఎలా నడపమంటారు?

కీబోర్డు వాయించేవాడిని:
తప్పంతా సంగీతానిదే. బోధకుడు కనుసైగ చేయగానే నేను మెల్లగా మొదలుపెడతాను, ఆయన గొంతు తగ్గితే నేనూ తగ్గుతాను, ఆఖరి చరణానికి శ్రుతి పెంచుతాను. ఆ శ్రుతి మారిన చోటే జనం కదలడం చాలాసార్లు చూశాను. వాద్యం ఆపేయండి, ఒత్తిడి దానంతటదే పోతుంది.

విశ్రాంత బోధకుడు:
సోదరుడు చెప్పినదాంట్లో సగం నిజముంది. అయితే వాద్యం లేకుండానే, "ఇంకొకరు ఉన్నారు, నేను ఎదురుచూస్తున్నాను" అని మూడు నిమిషాలు మౌనంగా నిలబడి జనాన్ని లేపిన వారిని కూడా నేను చూశాను. నిజం చెప్పాలంటే ఒకప్పుడు నేనూ ఆ పని చేశాను.

అయ్యా, మీ ముగింపులో అసలు చిక్కు మెట్లది. చెయ్యెత్తడం చిన్న విషయమే కాబట్టి, అందరూ కళ్లు మూసుకున్నారన్న ధైర్యంతో ఎత్తారు. ఎత్తాక గాని నిలబడాలని తెలియలేదు, నిలబడ్డాక గాని నడవాలని తెలియలేదు. ఎవరూ చూడరన్న హామీతో మొదలైనది అందరి ఎదుటా నడవడంతో ముగిసింది. అందువల్ల, ఏమి అడగబోతున్నారో మొత్తం ముందే చెప్పి, ఆ తరువాతే అడగండి. చెప్పినదానికి మించి ఒక్క అడుగు కూడా అడగకండి.

ఈ వివాదం కొత్తది కాదు. 1830-31లో అమెరికాలోని రోచెస్టర్ కూటాల్లో సువార్తికుడు చార్లెస్ ఫిన్నీ, ఆత్మ విషయమై కలత చెందినవారిని ముందు వరుస బల్ల మీదికి పిలిచేవారు. ఆ పద్ధతిని 1843లో జాన్ నెవిన్ అనే వేదాంతి ఒక పుస్తకమే రాసి విమర్శించారు. బల్ల దాకా నడవడాన్నే మారుమనస్సుగా పొరబడతారన్నది ఆ విమర్శలో ముఖ్యాంశం, మీ పదకొండు మంది విషయంలో మీరు పడుతున్న సందేహమూ అదే.

ఇక మీ వాక్యభాగం సంగతి. "నా మీద నా సహోదరునికి ఏదో ఉంది" అని జ్ఞాపకం వచ్చిన మనిషితో ప్రభువు అక్కడ మాట్లాడుతున్నాడు, అంటే తప్పు చేసినవాడితో. గాయపడినవాడితో కాదు. ఈ తేడా మరచి "మనసులో ఎవరి మీదనైనా కోపమున్నవారు ఈ రోజే రాజీపడండి" అని పిలిచారంటే, దెబ్బలు తిని ఇల్లు విడిచిన స్త్రీ ఒకరు ఆ వరుసల్లో కూర్చొని ఉంటే, ఆమెను కొట్టినవాడి దగ్గరకే పంపినవారవుతారు. పిలుపు ఎవరికో, ఎవరికి కాదో నోరు విప్పి చెప్పండి. ఆ వాక్యం కోరే పని కూడా ముందుకు నడవడం కాదు, బలిపీఠం విడిచి వెళ్లడం. కాబట్టి జనాన్ని వేదిక దగ్గరకు రమ్మంటే వాక్యానికి ఎదురు నడిచినట్టే.

వేదాంత విద్యార్థి:
అంటే పిలుపు ఇవ్వకూడదనే కదా మీ భావం? "దేవునితో సమాధానపడుడి" అని పౌలు బతిమాలుకున్నాడు. ఆ వేడి లేకపోతే అది ప్రసంగమే కాదు.

విశ్రాంత బోధకుడు:
పిలుపు వద్దని నేను ఎక్కడా అనలేదు, బాబూ. బతిమాలవలసిందే, గొంతు పూడుకుపోయినా తప్పు లేదు. పెంతెకొస్తు రోజున విన్నవారు హృదయంలో నొచ్చుకున్నారు. అయితే ఆ నొప్పి వారు విన్న సంగతి వల్ల పుట్టింది. అదే పౌలు రోమా అధిపతి ఫేలిక్సుతో నీతి, ఆశానిగ్రహం, తీర్పు గురించి మాట్లాడినప్పుడు ఫేలిక్సు భయపడి, ఇప్పటికి వెళ్లు, తీరిక దొరికినప్పుడు పిలిపిస్తాను అన్నాడు. పౌలు చెప్పవలసినది మెత్తబరచలేదు, అతని భయాన్ని పట్టుకొని అక్కడికక్కడే ఒప్పుకోలు రాబట్టాలనీ చూడలేదు. మీరు వాడుతున్న పద్ధతి ఏదైనా, దాన్ని ఎందుకు వాడుతున్నారో సంఘానికి బాహాటంగా చెప్పగలరా అని చూసుకోండి. "మీరు కాదనలేకపోవాలని మూడు మెట్లుగా అడుగుతున్నాను" అని ఎవరూ చెప్పలేరు. "ప్రార్థన కావలసినవారికి పక్కగదిలో ఇద్దరు పెద్దలుంటారు" అన్న మాటకు మాత్రం దాపరికం అక్కరలేదు.

ఒక తల్లి:
మా అబ్బాయి పదమూడేళ్లప్పుడు యువజన కూటాల ఆఖరి రాత్రి ఏడుస్తూ ముందుకు వెళ్లాడు. మరుసటి ఏడు వెళ్లాడు, ఆ పై ఏడూ వెళ్లాడు. ప్రతిసారీ పేరు రాసుకున్నారు గాని, తరువాత ఒక్కరైనా ఇంటికి వచ్చి పలకరించలేదు. ఇప్పుడు వాడికి ఇరవై. "అమ్మా, నన్ను మూడుసార్లు రక్షించారు కదా, ఇంకెందుకు" అంటాడు. పిలుపు ఎలా ఇవ్వాలో అంటూ మీరందరూ మాట్లాడుతున్నారు. వచ్చినవారి గుమ్మం తొక్కేది ఎవరో కూడా ముందే తేల్చుకొని పిలవండి.

వెనక వరుస విశ్వాసి:
నేను అందరితోనూ విభేదిస్తాను. ఇరవై రెండేళ్ల క్రితం ఒక బోధకుడు "ఇంకొకరు" అంటూ పాటను మళ్లీ మళ్లీ పాడించాడు. ఆరోసారికి నేను లేచాను. ఒకసారి పాడి ముగించి ఉంటే ఇంటికి వెళ్లిపోయేవాణ్ణి. ఆ రాత్రి నుంచి మద్యం ముట్టలేదు. అది ఒత్తిడే అయితే, ఆ ఒత్తిడికి నేను రుణపడి ఉన్నాను.

విశ్రాంత బోధకుడు:
మీ సాక్ష్యాన్ని కాదనడానికి నేనెవరిని? ఆ ఆరోసారికి మీతోపాటు లేచినవారిలో, కాళ్లు పీకి లేచినవారెందరో నాకూ తెలియదు, మీకూ తెలియదు. ఇంతకు మించి జవాబు నా దగ్గర లేదు.

యువకాపరి:
అమ్మగారి మాట విన్నాక ఇద్దరు పెద్దలతో మాట్లాడాను; పక్కగదికి వచ్చినవారిని ఆ వారంలోనే వెళ్లి కలుస్తామన్నారు. ముగింపును మాట మాటగా రాసుకున్నాను, చదివితే రెండు నిమిషాలు పట్టింది:

"మీ వల్ల నొచ్చుకున్నవారు ఎవరైనా ఈ గంటలో గుర్తొచ్చి ఉంటే, ఈ మాట మీకే. మీరు గాయపడినవారైతే, ఇది మీకు ఇచ్చిన ఆజ్ఞ కాదు. తప్పు చేసినవారు ఈ వారంలో వారి దగ్గరకు వెళ్లండి, లేదా కబురు పంపండి. చేసినదాన్ని పేరు పెట్టి ఒప్పుకోండి. క్షమించమని అడగండి, క్షమించి తీరాలని పట్టుబట్టకండి. వారు కలవడం ఇష్టం లేదంటే అక్కడితో ఆగండి. ఇప్పుడు ఎవరూ చెయ్యెత్తనక్కరలేదు, లేవనక్కరలేదు. ఒక నిమిషం మౌనంగా ఉందాం, తరువాత నేను ప్రార్థించి ముగిస్తాను. ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే పక్కగదిలో పెద్దలు ఉంటారు. రేపు మనం ఉంటామో లేదో."

విశ్రాంత బోధకుడు:
ఆఖరి వాక్యం తీసేయండి. నిమిషం అన్నారు కాబట్టి గడియారం చూసి నిమిషమే ఉండండి.

వెనక వరుస విశ్వాసి:
ఆ వాక్యం నిజమే కదా, ఎందుకు తీయాలి?

విశ్రాంత బోధకుడు:
నిజమే. వాక్యభాగంలో దారిలో ఉండగానే త్వరపడమన్న మాట తరువాతి వచనంలో ఉంది. అది కావాలంటే ప్రసంగం మధ్యలో, జనం నింపాదిగా ఆలోచించగలిగే చోట వివరించండి. తలలు వంచిన క్షణంలో చావును గుర్తు చేస్తే వాళ్లు ఆలోచించరు, బెదురుతారు.

వెనక వరుస విశ్వాసి:
నేనైతే ఉంచుతాను.

యువకాపరి:
25వ వచనాన్ని ప్రసంగంలోకి తీసుకున్నాను. ఆ ఆఖరి వాక్యాన్ని ప్రస్తుతానికి కొట్టేశాను. శనివారం రాత్రి మళ్లీ చదివి చూసుకుంటాను.