డెమరేజ్ బిల్లుపై ఏజెంట్‌కు రాసే మెసేజ్: మన లెక్క ఒప్పుకోవాలా, అంతా కాదనాలా?

దిగుమతి_వేణు
షిప్పింగ్ ఏజెంట్ 500 డాలర్ల డెమరేజ్ బిల్లు పంపి, డిపాజిట్‌లోంచి కోసుకుంటానంటున్నాడు. నేను రాసిన జవాబు కింద పెట్టాను. తేదీలూ కంటెయినర్లూ వరుసలోకి తెచ్చి తిరగరాసి ఇవ్వండి.

"మీ బిల్లు అన్యాయం. ఓడే ఆలస్యంగా వచ్చింది. ZZZU4120730, ZZZU4102915 రెండూ 15/03న తీసుకెళ్లాం. రెండోది 06/03న గానీ దిగలేదు, మొదటిది 04/03న. కస్టమ్స్ వాళ్లు నాలుగు రోజులు ఆపితే మా తప్పా? 14 రోజులు ఎలా వేశారు? వెంటనే రద్దు చేయండి."

ఓడ వచ్చింది మార్చి 3న. బిల్లులో రెంటికీ మార్చి 3 నుంచి 16 వరకు ఉంది. టారిఫ్ ప్రకారం దిగిన మర్నాటి నుంచి 7 రోజులు ఫ్రీ. ఆ తర్వాత మొదటి 5 రోజులు రోజుకు 30 డాలర్లు, ఆపైన 50. రెండూ 40 అడుగులవే.

కిరణ్_ఫార్వర్డింగ్
ఖాళీ కంటెయినర్లు ఎప్పుడు వాపసిచ్చారో రాయలేదేం? అది లేకుండా లెక్క తేలదు.

రేవులెక్క
కిరణ్ గారూ, ఖాళీ వాపసు డిటెన్షన్‌కు కావాలి. ఇది డెమరేజ్, టెర్మినల్ గేటు దాటగానే ఆగిపోతుంది. ఆ తేదీ ఇక్కడ కలిపితే ఏజెంట్‌కు ఇంకో బిల్లు గుర్తుచేసినట్టే.

వేణు గారూ, ముందు మీ మొదటి కంటెయినర్ నంబరు చూసుకోండి. చివరి అంకె ముందున్న పది అక్షరాలూ అంకెల నుంచి లెక్కకట్టేది. మీరు రాసినదానికి 4 రావాలి, మీరు 0 వేశారు. మధ్యలో 2, 0 తారుమారు చేసి ZZZU4102730 అంటే సరిగ్గా 0 వస్తుంది. బిల్ ఆఫ్ లేడింగ్‌తో పోల్చి చూడండి. తప్పు నంబరుతో పంపితే "మా రికార్డులో ఈ కంటెయినర్ లేదు" అని ఒక్క ముక్క రాసి వారం గడిపేస్తారు.

దిగుమతి_వేణు
నిజమే, బిల్ ఆఫ్ లేడింగ్‌లో 4102730 అనే ఉంది.

రేవులెక్క
ఇక అసలు తప్పు. వాళ్లు ఓడ వచ్చిన 3వ తేదీనే మొదటి రోజుగా తీసుకున్నారు. మీ టారిఫ్ ప్రకారం ప్రతి కంటెయినర్‌కూ అది దిగిన మర్నాటి నుంచి విడిగా లెక్క మొదలవాలి. చివర 16 ఎలా వచ్చిందో డెలివరీ ఆర్డర్ చూడండి. దాని గడువు 16 వరకు ఉంటే, గేటు దాటిన రోజుకు బదులు ఆ గడువునే వేసి ఉంటారు. పైగా రోజులు పెరగడంతో ఒక్కో కంటెయినర్‌కు చివరి రెండు రోజులు 50 డాలర్ల రేటులోకి జారాయి. దెబ్బ రెండు వైపులా తగిలింది.

తేదీల్లో నెలను అక్షరాల్లో రాయండి. 04/03ను ఏప్రిల్ 3గా చదివేవాళ్లూ ఉంటారు.

కిరణ్_ఫార్వర్డింగ్
ఓడ వచ్చిన రోజు నుంచే లెక్కేసే షిప్పింగ్ లైన్లున్నాయి. అందరిదీ ఒకటే పద్ధతి అన్నట్టు రాయకండి.

రేవులెక్క
ఉన్నాయి, కాదనను. కానీ ఈయన బిల్లుకు ఈయన టారిఫే వర్తిస్తుంది. అందుకే ఆ పేజీ జతచేయాలి.

సరంగు
ఇంత లెక్క దేనికి? కస్టమ్స్ ఆపిన నాలుగు రోజులు తీసేయమని గట్టిగా రాయండి. ఒక్క రోజు కూడా ఒప్పుకోవద్దు.

రేవులెక్క
కస్టమ్స్ ఆపితే లైన్ గడియారం మామూలుగా ఆగదు. ఆ వాక్యం ఉంటే ఏజెంట్ దానికొక్కదానికే జవాబిచ్చి, 3వ తేదీ సంగతి దాటవేస్తాడు. నేనైతే ఇలా రాస్తాను:

"విషయం: డెమరేజ్ బిల్లు (నంబరు), బిల్ ఆఫ్ లేడింగ్ (నంబరు), రోజుల సవరణ

ఏజెంట్ గారికి,

పై బిల్లులో రెండు కంటెయినర్లకూ మార్చి 3 నుంచి 16 వరకు లెక్కించి, ఒక్కోదానికి 7 రోజుల చొప్పున మొత్తం 500 డాలర్లు వేశారు. మా కాగితాల ప్రకారం ఓడ మార్చి 3న వచ్చింది. తర్వాతి తేదీలు ఇవి.

ZZZU4102730, 40 అడుగులు. దిగింది మార్చి 4. ఫ్రీ టైం మార్చి 5 నుంచి 11 వరకు. గేటు దాటింది మార్చి 15. డెమరేజ్ రోజులు 12 నుంచి 15 వరకు, 4 రోజులు, 120 డాలర్లు.

ZZZU4102915, 40 అడుగులు. దిగింది మార్చి 6. ఫ్రీ టైం మార్చి 7 నుంచి 13 వరకు. గేటు దాటింది మార్చి 15. డెమరేజ్ రోజులు 14, 15, మొత్తం 2 రోజులు, 60 డాలర్లు.

ఈ లెక్కన 180 డాలర్లు వస్తుంది. మీ బిల్లుతో తేడా 8 రోజులు, 320 డాలర్లు. మార్చి 3ను మొదటి రోజుగా, 16ను చివరి రోజుగా తీసుకోవడానికి ఆధారం చూపండి, లేదా సవరించిన బిల్లు ఇవ్వండి. ఇది తేలేవరకు 320 డాలర్లు డిపాజిట్‌లోంచి మినహాయించవద్దు.

జతచేసినవి: బిల్లు, టారిఫ్ పేజీ, టెర్మినల్ డిశ్చార్జ్ రిపోర్టు, రెండు గేటు స్లిప్పులు."

సరంగు
180 డాలర్లు మేం బాకీ అని మీరే చేతికి రాసిచ్చారు! మీరు ఎవరి తరఫున రాస్తున్నారు? ఒకసారి నేను మూడు రోజులు ఒప్పుకుంటూ రాసి, తర్వాత రాయితీ అడిగితే "మీరే అంగీకరించారుగా" అని ఆ ఏజెంట్ నా ఉత్తరాన్నే నా ముందు పెట్టాడు.

రేవులెక్క
ఏజెంట్ తరఫున అనడం అన్యాయం. ఎన్ని రోజులు రావాలో చెప్పకుండా ఎన్ని తప్పో ఎలా చూపిస్తారు? ఆధారం లేకుండా "రద్దు చేయండి" అంటే అది కోపంగానే మిగిలిపోతుంది.

పద్మజ_బిల్లింగ్
మీ ఇద్దరూ కొట్లాడుతున్నది ఒకే ఉత్తరం గురించి కాదండీ. రేవులెక్క గారు అడుగుతున్నది తప్పు సవరణ. అది బిల్లింగ్ డెస్క్ చేతిలో పని. కాగితాలు సరిపోతే క్రెడిట్ నోట్ ఇచ్చేస్తాం. సరంగు గారు కోరుతున్నది రాయితీ. అది ఏజెంట్ ఒక్కడూ ఇవ్వలేడు, లైన్ అనుమతి రావాలి. రెండూ ఒకే మెసేజ్‌లో పెడితే మొత్తం ఫైలు లైన్ దగ్గరికి వెళ్లి, సులువుగా తేలే 320 కూడా అక్కడే ఆగిపోతుంది.

సరంగు గారి భయం మాత్రం ఉత్తిది కాదు. అందుకే "ఈ లెక్కన 180 డాలర్లు వస్తుంది" అన్నదాని పక్కన "రాయితీ కోరే హక్కు అలాగే ఉంచుకుంటూ" అని చేర్చండి. కస్టమ్స్ ఆపిన కాగితంతో రెండో ఉత్తరం వేరే పంపండి.

సరంగు
ఆ నాలుగు మాటలు చేర్చినంత మాత్రాన లైన్ వాళ్లు వదులుతారా? నాకు నమ్మకం లేదు. 180 అంకె రాయకుండా, ఆధారం మాత్రమే అడగాలి.

రేవులెక్క
అంకె లేకపోతే డిపాజిట్‌లోంచి ఎంత ఆపమంటారు? మొత్తం 500 ఆపమంటే ఒక్క పైసా ఆపరు. పద్మజ గారి మాట చేరుస్తాను, అంకె మాత్రం తీయను.

దిగుమతి_వేణు
పంపేముందు గేటు స్లిప్పులు తెప్పించాను. ZZZU4102730 మార్చి 15నే దాటింది. ZZZU4102915 లారీ 15 రాత్రి 9:40కి లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది 16న 00:20కి. డెలివరీ ఆర్డర్ గడువు కూడా 16 వరకే.

రేవులెక్క
మంచి పని చేశారు. 15 అని పంపి ఉంటే వాళ్లు ఆ ఒక్క తప్పు పట్టుకుని మిగతాదంతా కొట్టిపారేసేవారు. ఆ కంటెయినర్‌కు 16 వరకు 3 రోజులు, 90 డాలర్లు అని మార్చండి. మొత్తం 210, తేడా 7 రోజులు, 290 డాలర్లు. 16వ తేదీకి ఆధారం మొదటి కంటెయినర్‌కు మాత్రమే అడగండి.

సరంగు
లారీ 15నే లోపలుంటే ఆ రోజు టెర్మినల్ ఆలస్యం. అదీ వదిలేస్తారా?

పద్మజ_బిల్లింగ్
లోపలికి వెళ్లిన సమయం స్లిప్పు మీద ఉంది కాబట్టి ఆ ఒక్క రోజు రాయితీ ఉత్తరంలో అడగొచ్చు. మా డెస్క్‌లో గేటు దాటిన సమయమే చూస్తాం. మీ ఏజెంట్ ఏది చూస్తాడో ఆయన టారిఫ్‌లో వెతకాలి, వేణు గారూ. ఆ పేజీ పూర్తిగా ఇక్కడ పెట్టండి.