బోర్డు ఫోటో అంచు తెగింది: సగటు అడుగులు 2.5 ఆ, 2.69 ఆ?

తుంగభద్ర గట్టు (కర్నూలు):
బోర్డు మీద గీసిన మార్కోవ్ చైన్ ఫోటో ఇది. 1, 2 మామూలు స్టేట్లు, A, B అబ్జార్బింగ్ స్టేట్లు, అంటే పడ్డాక ఇంక బయటికి రాలేనివి. బాణాల మీద సంభావ్యతలు: 1 నుంచి తనకే 0.2, 2కు 0.5, Aకు 0.3. 2 నుంచి 1కి 0.4, Bకి 0.5. 2 కింద ఏదో చిన్న గీత మొదలైంది, ఫోటో అక్కడే తెగిపోయింది. 1 దగ్గర మొదలుపెడితే A లోనో B లోనో పడడానికి సగటున ఎన్ని అడుగులు? జవాబుల కీలో 2.5 అని ఉంది, నాకు 2.69 వస్తోంది. ఎవరిది తప్పు?

వేరుశనగ (అనంతపురం):
కీ కరెక్టే అన్నా. ఫోటోలో కనపడే బాణాలు మాత్రమే పెట్టి చూడు. E1, E2 అంటే 1 దగ్గర, 2 దగ్గర మొదలుపెడితే పట్టే సగటు అడుగులు.

E1 = 1 + 0.2·E1 + 0.5·E2
E2 = 1 + 0.4·E1

రెండోది మొదటి దాంట్లో పెడితే 0.6·E1 = 1.5, అంటే E1 = 2.5. ఇంత శుభ్రంగా వచ్చినాక ఇంక అనుమానమేంది?

బురుజు నీడ (కర్నూలు):
శుభ్రంగా రావడమే ఇక్కడ మోసం. 2 నుంచి బయటికి పోయే బాణాలు కలిపితే 0.9 మాత్రమే. మిగతా 0.1 ఎక్కడికి పోయింది? మీ రెండో సమీకరణంలో Bకి వెళ్లే సంభావ్యత అసలు కనపడదు, ఎందుకంటే Bలో పడ్డాక ఇంక వేసే అడుగులు సున్నా. కాబట్టి అక్కడ 0.5 ఉన్నా 0.6 ఉన్నా E2 = 1 + 0.4·E1 అనే వస్తుంది. మీరు వదిలేసిన 0.1ని లెక్క చప్పుడు చేయకుండా ఆట ముగిసినట్టే చూసింది. అడుగుల లెక్క ఒక్కటే చేస్తే ఈ కారుడు ఎప్పటికీ బయటపడదు.

బయటపడేది ఎక్కడంటే, A, Bలలో పడే సంభావ్యతలు విడివిడిగా కట్టినప్పుడు. మీ లెక్క ప్రకారం 1 నుంచి Aలో పడేది 0.5, Bలో పడేది 0.4167. కూడితే 0.9167, ఒకటి కాలేదు. తగ్గిన 0.0833 ఎక్కడిదో కూడా తెలుస్తుంది: మీ లెక్కలో 2 దగ్గర సగటున 0.8333 సార్లు ఉంటాం, ప్రతిసారీ 0.1 కారుతోంది.

ఆ తెగిన గీత 2కే తిరిగొచ్చే లూప్ అయితే రెండో సమీకరణం ఇది:

E2 = 1 + 0.4·E1 + 0.1·E2

అప్పుడు 0.9·E2 = 1 + 0.4·E1, మొదటిది 0.8·E1 = 1 + 0.5·E2. కలిపితే 0.52·E1 = 1.4, E1 = 35/13, అంటే 2.69. E2 = 30/13. ఈసారి Aకు 27/52, Bకు 25/52, మొత్తం సరిగ్గా ఒకటి.

కడప కారం (కడప):
లూప్‌ల గురించి ఇంత గొడవెందుకప్పా? నిలబడ్డ చోటే నిలబడడం కదలిక కాదు కదా. లూప్‌లు తీసేసి మిగతావాటిని ఒకటికి సరిచేయండి. 1 నుంచి 2కు 5/8, Aకు 3/8. 2 నుంచి 1కి 4/9, Bకి 5/9. ఇట్ల చేసినా Aలో పడేది 27/52 అనే వస్తుంది. మీ జవాబే. కాబట్టి పద్ధతి సరైనదే, అడుగులు 2.25.

బురుజు నీడ:
సగం ఒప్పుకుంటా. ఎక్కడ పడతామన్న ప్రశ్నకు లూప్‌లు అడ్డం రావు, అందుకే 27/52 కలిసింది. ఎన్ని అడుగులన్న ప్రశ్నకు మాత్రం లూప్ కూడా ఒక అడుగే. గడియారం ఒకసారి కొట్టింది, మనం కదల్లేదు, అంతే. మీ 2.25లో పోయింది ఆ ఎదురుచూపే.

మీ పని వృథా కాదు, దాన్నే వాడుకుని సరిచేయొచ్చు. లూప్‌లు తీసేశాక 1 దగ్గరికి సగటున 1.3846 సార్లు, 2 దగ్గరికి 0.8654 సార్లు వస్తాం (ఈ రెండూ కూడితేనే మీ 2.25). 1 దగ్గరికి వచ్చిన ప్రతిసారీ 1/0.8, అంటే 1.25 అడుగులు ఖర్చు. 2 దగ్గర 1/0.9, అంటే 1.111. గుణించి కూడితే 1.7308 + 0.9615, మళ్లీ 2.69.

పెన్నేటి ఇసుక (కడప):
ప్రశ్న Aకు చేరడానికి ఎన్ని అడుగులనే కదా? మరి B ఎందుకు మధ్యలో? Aకు సగటు కట్టి, Bకి సగటు కట్టి, రెండూ కూడితే అయిపోదా?

బురుజు నీడ:
అది వేరే ప్రశ్న, కూడితే మాత్రం తప్పు. షరతు పెట్టకుండా Aకు చేరే సగటు అడిగితే జవాబు అనంతం, ఎందుకంటే 25/52 వంతు సార్లు Bలో పడి అక్కడే ఉండిపోతాం. Aలోనే పడిన సందర్భాలు మాత్రం తీసుకుంటే లూప్ ఉన్న బొమ్మలో సగటు 2.158, Bలో పడినవాటికి 3.269. Bకి ఎక్కువ రావడం సహజం, Aకు ఒక్క అడుగులోనే పోవచ్చు, Bకి ముందు 2 తగలాల్సిందే. ఈ రెండింటినీ 27/52, 25/52 తూకం వేసి కలిపితే 2.69 వస్తుంది. ఊరికే కూడితే వచ్చే 5.43కి అర్థం లేదు.

సహకార లెడ్జర్ (అనంతపురం):
బకాయి ఖాతాలకు ఇదే చైన్ వాడతా. తీరిపోయినవి, రానివిగా కొట్టేసినవి రెండు అబ్జార్బింగ్ స్టేట్లు, ఒక అడుగు అంటే ఒక నెల. ఒక వరుసలోని సంభావ్యతల మొత్తం 0.97 దగ్గరే ఆగుతోంది, వేరే శాఖకు బదిలీ అయిన ఖాతాలు ఎక్కడా పడలేదు. అంటే నా నెలల సగటు కూడా తక్కువ వస్తోందా?

బురుజు నీడ:
ఆ ఖాతాలు బదిలీ అయ్యాక కూడా మీ లెక్కలో బతికున్నట్టే అనుకోవాలంటే తక్కువే వస్తోంది. బదిలీతో మీ బాధ్యత తీరిందనుకుంటే దాన్నే మూడో అబ్జార్బింగ్ స్టేట్‌గా పెట్టండి. నెలల సంఖ్య మారదు కానీ దాని అర్థం మారుతుంది. వరుసలు ఎక్కువైతే చేత్తో కాకుండా ఇట్లా చూడండి, ఇది లూప్ ఉన్న పై బొమ్మకే, Qలో మామూలు స్టేట్ల మధ్య సంభావ్యతలు, Rలో అబ్జార్బింగ్ స్టేట్లకు పోయేవి:

```python
import numpy as np
Q = np.array([[0.2, 0.5], [0.4, 0.1]])
R = np.array([[0.3, 0.0], [0.0, 0.5]])
N = np.linalg.inv(np.eye(2) - Q)
print(N.sum(axis=1))
print((N @ R).sum(axis=1))
```

చివరి వరుసలో అన్నీ 1 రాకపోతే పైవరుసను నమ్మొద్దు.

వేరుశనగ:
సరే, కారుతోందని ఒప్పుకున్నా. కానీ అది లూపే అని ఎట్ల చెప్తావన్నా? బోర్డు మీద 5 తలకట్టు చెరిగిపోతే 4 లెక్క కనపడొచ్చు. 1కి పోయేది 0.5 అయితే E1 = 30/11, 2.73. కీ రాసినోళ్లు Bకి 0.6 అనుకోని ఉంటే వాళ్ల 2.5 కూడా తప్పు కాదు.

బురుజు నీడ:
అది న్యాయమైన మాట. ఇంకోటి కూడా ఉంది: ఆ గీత ఫోటోలో రాని మూడో స్టేట్‌కు పోతుంటే జవాబు 2.5 కంటే ఎంతైనా పెద్దది కావచ్చు. ఖాయంగా చెప్పగలిగింది ఒక్కటే. 2 నుంచి రాసినవి సరైనవైతే 2.5 కంటే తక్కువ మాత్రం రాదు. గీత 2 వృత్తానికి ఒక్కచోట తగులుతోందా, రెండు చోట్లా? రెండో కొన కనపడితే, అక్కడ బాణం మొన ఉంటే, అది లూపే.

తుంగభద్ర గట్టు:
పెద్దది చేసి చూశా. ఒక కొన స్పష్టంగా ఉంది, మొన లేదు. రెండో కొన ఉండాల్సిన చోట ఫోటో తీసిన వాళ్ల బొటనవేలు నీడ పడింది.