300కి 108 మార్కులు, 93.8 పర్సంటైల్: ఏది నమ్మాలి?

వనపర్తి నాన్న

మా బాబు జేఈఈ మెయిన్ మొదటి సెషన్ రాశాడు. స్కోర్ కార్డులో ఫిజిక్స్ 91.4, కెమిస్ట్రీ 91.0, మ్యాథ్స్ 93.2, మొత్తం 93.8 అని ఉంది. మార్కులు ఎక్కడా లేవు. కీ పెట్టుకుని రెస్పాన్స్ షీట్ చూసి లెక్కేస్తే 300కి 108 వచ్చాయి, అంటే 36 శాతం. కాలేజీ వాళ్లేమో 93 అని అభినందనల మెసేజ్ పెట్టారు. వీడు బాగా రాసినట్టా, రాయనట్టా?

రాజమండ్రి రమణ

అన్నా, బాగా రాయలేదు. 36 శాతమే నిజం. మార్కులు చూపిస్తే తల్లిదండ్రులు గొడవ చేస్తారని ఈ పర్సంటైల్ కనిపెట్టారు. పైగా మూడు సబ్జెక్టులూ కూడి మూడుతో భాగిస్తే 91.9 కూడా రాదు, 93.8 ఎలా వేశారు? తప్పు ఉంది, ఫిర్యాదు చేయండి.

లెక్కల మాస్టారు, గుంటూరు

రమణగారూ, ఫిర్యాదు వద్దు. పర్సంటైళ్లను కూడి భాగించకూడదు. మొత్తం మార్కులు వేరే వరసలో పెట్టి, దానికి విడిగా పర్సంటైల్ కడతారు. ఫిజిక్స్‌లో ఈ అబ్బాయి కంటే ముందున్న వాళ్లలో చాలామంది మ్యాథ్స్‌లో వెనకబడి ఉంటారు, మ్యాథ్స్‌లో ముందున్న వాళ్లు కెమిస్ట్రీలో. మూడింటిలోనూ ఒకేలా రాసినవాడు మొత్తం కలిపేసరికి వాళ్లలో కొందర్ని దాటేస్తాడు. అందుకే మొత్తం అంకె సగటు కంటే పైకి పోయింది.

వనపర్తి నాన్నగారూ, ఆ అంకె ఎలా వస్తుందో చూడండి. మీ బాబు రాసిన షిఫ్టులో లక్ష మంది కూర్చున్నారనుకుందాం. వాళ్లలో మీ బాబుతో సమానంగానో, తక్కువగానో మార్కులు వచ్చినవాళ్లను లెక్కపెట్టి, మొత్తం మందితో భాగించి, 100తో గుణిస్తారు. 93.8 అంటే ఆ లక్షలో 93,800 మంది అతని గీతకు ఇటు పక్క, 6,200 మంది అటు పక్క. అందులో అతనికెన్ని ప్రశ్నలు వచ్చాయో ఎక్కడా లేదు. షిఫ్టులో అందరికంటే ఎక్కువ తెచ్చుకున్నవాడికి 300కి 300 రాకపోయినా 100 పర్సంటైలే పడుతుంది.

ఆ 36 శాతం కూడా మీరు అనుకుంటున్నంత సూటి అంకె కాదు. తప్పుకు ఒక మార్కు పోతుంది కదా. రెస్పాన్స్ షీట్‌లో ఒప్పులెన్ని, తప్పులెన్ని చెప్పండి.

వనపర్తి నాన్న

మాస్టారూ, మ్యాథ్స్‌లో 9 ఒప్పు 4 తప్పు, ఫిజిక్స్‌లో 9 ఒప్పు 6 తప్పు, కెమిస్ట్రీలో 13 ఒప్పు 6 తప్పు. మిగతావి వదిలేశాడు.

లెక్కల మాస్టారు, గుంటూరు

మొత్తం 31 ఒప్పు, 16 తప్పు. 124లో 16 పోతే 108. అంటే 75 ప్రశ్నల్లో 41 శాతం సరిగ్గా చేశాడు, మార్కుల్లో 36 శాతం. ముట్టుకున్నవి 47, వాటిలో దాదాపు 66 శాతం ఒప్పు. శాతమే మూడు రకాలుగా ఉంది, మీరు ఏ శాతాన్ని నమ్ముతారు?

ఇంకోటి చూడండి. కెమిస్ట్రీలో 46 మార్కులు వస్తే 91.0, మ్యాథ్స్‌లో 32కే 93.2. మార్కులు చూసి మ్యాథ్స్ ట్యూషన్ పెట్టిస్తారు మీరు. వరస ప్రకారమైతే కాస్త వెనకబడింది కెమిస్ట్రీలో.

శ్రీలత, డాలస్

మా పాప మూడో గ్రేడ్. స్కూల్లో మ్యాప్ టెస్ట్ పెడతారు. మ్యాథ్‌లో సెప్టెంబర్‌లో స్కోరు 198, పర్సంటైల్ 76. మేలో స్కోరు 206, పర్సంటైల్ 64! ఎనిమిది పాయింట్లు పెరిగితే పర్సంటైల్ పడిపోవడమేంటని నేను వారం రోజులు నిద్రపోలేదు. టీచర్ చెప్పింది, పాప నేర్చుకుంది, కానీ అదే గ్రేడ్ పిల్లలు సగటున ఇంకా ఎక్కువ నేర్చుకున్నారని. ఆ టెస్ట్‌లో ఎన్ని ఒప్పు అన్నదానికి అర్థమే లేదట. సరిగ్గా చేస్తే కష్టమైన ప్రశ్న, తప్పు చేస్తే తేలికది వస్తుంది కాబట్టి ఎవరికైనా సుమారు సగమే ఒప్పవుతాయి. మీ వాడిది కూడా అలాంటిదేనా?

లెక్కల మాస్టారు, గుంటూరు

కాదమ్మా. జేఈఈలో ఒక షిఫ్టు వాళ్లందరికీ అవే ప్రశ్నలు. మీ పాపను పోల్చేది దేశంలో అదే గ్రేడ్ పిల్లల నమూనాతో, ఈ అబ్బాయిని పోల్చేది ఆ పూట పరీక్ష రాసినవాళ్లతో. జేఈఈకి కూర్చునేవాళ్లు ఇంటర్ ఎంపీసీ చదివి అప్లికేషన్ పెట్టుకున్నవాళ్లు. పర్సంటైల్ కనిపించగానే ముందు అడగాల్సింది ‘ఎవరిలో’ అని.

సుబ్బలక్ష్మి

ఎన్‌ఐటీకి 75 కావాలంటారు కదా, మీ బాబుకి 93 ఉంది. టెన్షన్ ఎందుకండీ?

హాస్టల్ కుర్రాడు

అక్కా, ఆ 75 ఇంటర్ మార్కుల శాతం, జేఈఈది కాదు. ఎస్సీ, ఎస్టీలకు 65. అది లేకపోతే వాళ్ల బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. రెండిట్లో ఒకటి చాలు. మా బోర్డులో అందరికీ 90లు పడతాయి కాబట్టి రెండో దారిలో గీత 75 శాతం కన్నా పైనే ఉండొచ్చు, అప్పుడు అది ఎవరికీ ఉపయోగపడదు.

మెయిన్‌లో మాకు కావాల్సింది ర్యాంకు. 2025లో రెండు సెషన్లూ కలిపి సుమారు 14.75 లక్షల మంది రాశారు. 100లోంచి 93.8 తీసేస్తే 6.2. 14.75 లక్షల్లో 6.2 శాతం అంటే 91,000 దాటింది. అన్నా, మీ వాడి ర్యాంకు ఆ చుట్టుపక్కల పడుతుంది, అది కూడా ఏప్రిల్ సెషన్ అయ్యాక, రెండిట్లో మంచిది తీసుకున్నాక. ఆ ఏడాది జనరల్ వాళ్లకు అడ్వాన్స్‌డ్ కటాఫ్ 93.1023262. ఏడు దశాంశాలు ఊరికే వేయరు, ఒక్క పర్సంటైల్ వెనక 14,750 మంది ఉంటారు.

రాజమండ్రి రమణ

సరే, సగటు విషయంలో నాదే తప్పు. కానీ నా మాట పూర్తిగా కొట్టేయకండి. 93 నుంచి 99కి ఆరు మెట్లే అని ఇంట్లో వాళ్లు అనుకుంటారు. ఇంకో ఆరు మార్కులు తెచ్చుకోరా అంటారు. ఈ అంకె చూసి మోసపోయేది వాళ్లే.

లెక్కల మాస్టారు, గుంటూరు

ఇది మాత్రం రమణగారు సరిగ్గా పట్టుకున్నారు. కింద, మధ్యలో జనం కిక్కిరిసి ఉంటారు, అక్కడ రెండు ప్రశ్నలు ఎక్కువ చేస్తే చాలామందిని దాటేస్తారు. పైకి పోయేకొద్దీ జనం పలచబడతారు. 99 నుంచి 99.9కి పోవాలంటే ఒక్క పర్సంటైల్ కూడా కాదు, దానికి కావాల్సిన మార్కులు మాత్రం బోలెడు. అందుకే చదువు ప్లాన్ మార్కుల మీద వేసుకోండి, సీటు అంచనా పర్సంటైల్ మీద.

హాస్టల్ కుర్రాడు

మాస్టారూ, మాది కష్టమైన షిఫ్టు. నిజంగా న్యాయం జరుగుతుందా?

లెక్కల మాస్టారు, గుంటూరు

పేపర్ కష్టమైతే షిఫ్టులో అందరికీ తగ్గుతాయి, వరస మారదు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఈ పద్ధతి ఒక నమ్మకం మీద నడుస్తుంది: ఎవరు ఏ షిఫ్టులో పడాలన్నది లాటరీలా తేలుతుంది, మనుషులు అన్నేసి వేలల్లో ఉంటారు, కాబట్టి అన్ని షిఫ్టుల్లోనూ సత్తా ఒకేలా ఉంటుంది అని. ఒక షిఫ్టులో గట్టివాళ్లు ఎక్కువ పడితే అక్కడివాడికి నష్టమే. ఆ తేడా మధ్యలో పెద్దగా తెలియదు. పైన ఒక్కో మార్కుకీ ర్యాంకు కదిలేచోట తెలుస్తుంది.

రాజమండ్రి రమణ

అదే నేననేది! మార్కులు కూడా స్కోర్ కార్డు మీద వేస్తే పోయేదేముంది?

లెక్కల మాస్టారు, గుంటూరు

వేస్తే ఒక షిఫ్టువాడి 108ని ఇంకో షిఫ్టువాడి 120తో పోల్చి మళ్లీ ఇక్కడికే వస్తారు.

రాజమండ్రి రమణ

రానివ్వండి. చూపించకుండా ఉండటం కన్నా నయం.

వనపర్తి నాన్న

ఆ 16 తప్పుల్లో ఎన్ని ఊహించి పెట్టాడో అడిగాను. పదకొండు అన్నాడు. ఏప్రిల్ సెషన్‌కి ముందు వాటినే ముందేసుకుని కూర్చున్నాం.