పట్టుబడికి ముందు కౌంటు కోత గురించి అడగాలి: మొదటి మాట మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా?

ఉండి చెరువుగట్టు:
ఎల్లుండి వేకువన మా వనామీ చెరువు పట్టుబడి ఉన్నది. పోయిన పంటలో మా విసురు వలకు కిలోకు 50 వచ్చిన రొయ్యను ఏజెంటు 54 కౌంటుగా లెక్కకట్టి ధర తగ్గించి, మెత్త రొయ్య పేరుతో తూకంలో మరికొంత తగ్గించాడు. మా అన్నయ్య గట్టెక్కీ ఎక్కగానే "మీ దొంగలెక్కలు మా దగ్గర సాగవు" అన్నాడు. అంతే, ఆ తరువాత ఒక్క కౌంటు కూడా కదలలేదు. ఈసారి కూడా అదే ఏజెంటు వస్తాడు. మొదట మంచిగా పలకరిస్తే మేలు జరుగుతుందా, లేక లోకువ అవుతామా? మెత్త రొయ్యకు ఎంత కోత న్యాయమో కూడా దయచేసి చెప్పండి.

రాజోలు శివారు:
మా బాధ రొయ్యలది కాదు, నీటిది. దాళ్వాలో వంతుల వారీగా నీరు వదిలేటప్పుడు శివారు భూములకు చేరేసరికి కాలువలో తడి తప్ప ఏమీ మిగలదు. ఊళ్లో అందరూ లస్కరు మీద కేకలు వేసేవారు, ఆయన తలుపు వేసుకునేవాడు. నేను మాత్రం "రాత్రంతా తూము దగ్గర కాపలా ఉన్నారని విన్నాను, నిద్ర కూడా లేదు కదండీ" అని మొదలుపెట్టి, ఆ తరువాతే ఎగువన ఎవరు అడ్డుకట్ట వేశారని అడిగాను. ఆయన తానే సైకిలు ఎక్కి చూపించడానికి వచ్చాడు. కాబట్టి మంచి మాట పనిచేస్తుంది, ఇందులో చర్చించవలసినది ఏమీ లేదు.

ఆకివీడు ఆక్వా:
చర్చించవలసినది చాలా ఉన్నదండీ. లస్కరు జేబులోంచి పోయేది ఏమీ లేదు, ఏజెంటుకు ప్రతి కౌంటూ డబ్బే. గొడవంతా నీరు ఓడ్చడం దగ్గర ఉంటుంది. వలలోంచి తీసిన వెంటనే తూస్తే నీటి బరువు కలిసి కిలోకు రొయ్యలు తక్కువ పడతాయి, అంటే కౌంటు మనకు అనుకూలంగా కనిపిస్తుంది. బుట్టను చాలాసేపు వేలాడదీస్తే అదే రొయ్య చిన్నదిగా తేలుతుంది. ఎంతసేపు ఓడ్చాలో ముందే తేల్చుకోకుండా "బాగున్నారా" అంటే కోత ఆగుతుందా?

లెక్కల మాస్టారు:
ఎన్నో పంచాయతీలు తీర్చిన అనుభవంతో చెబుతున్నాను, మొదటి 3 నిమిషాలే అంతా నిర్ణయిస్తాయి. అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో దీనిని నిరూపించారు. మాట కటువుగా మొదలైతే బేరం చెడినట్టే, ఇందులో మినహాయింపు లేదు.

మాజీ కాటా:
మాస్టారూ, ఆ పరిశోధన కొత్తగా పెళ్లయిన దంపతుల గొడవల మీద జరిగింది. మొదటి 3 నిమిషాల తీరును బట్టి ఆ తరువాతి సంవత్సరాలలో ఎవరు విడిపోతారో అంచనా వేయవచ్చునని అందులో తేలింది. ఏజెంటుతో మనకు కాపురం లేదు. బేరానికి దగ్గరగా వచ్చేది 2002లో వెలువడిన మరొక పరిశోధన: ఈమెయిలులో బేరమాడవలసిన విద్యార్థులలో కొందరిని ముందుగా ఫోనులో కాసేపు పిచ్చాపాటీ మాట్లాడుకోనిచ్చారు, వారి మధ్య నమ్మకం పెరిగి ఒప్పందాలు ఎక్కువగా కుదిరాయి.

నేను చాలాకాలం కొనుగోలుదారుల తరఫున గట్లమీద తూకం వేసినవాడిని, కనుక అవతలి వైపు సంగతి చెబుతాను. ధరల పట్టిక ఏజెంటు చేతిలో ఉండదు, అది ఆ ఉదయమే పైనుంచి వస్తుంది. నమూనా ఎక్కడ తీయాలి, ఎంతసేపు ఓడ్చాలి, మెత్తదానికి ఎంత తగ్గించాలి అన్నంతవరకే అతని ఇష్టం నడుస్తుంది. మీ అన్నయ్యగారు దొంగలెక్క అన్నప్పుడు అక్కడ వలవాళ్లు, లారీవాడు, పక్కచెరువు రైతు అందరూ వింటున్నారు. ఆ మాట పడిన తరువాత 54ను 52 చేస్తే నిందను తానే ఒప్పుకున్నట్టు అవుతుంది. తగ్గించాలని లోపల ఉన్నా తగ్గలేడు. మొదటి మాట చల్లగా ఉంటే అతను మంచివాడైపోడు. వెనక్కి తగ్గినా పరువు పోని దారి మాత్రం తెరుచుకుంటుంది.

ఆకివీడు ఆక్వా:
అంటే కాటా దగ్గర మీ ఇష్టం నడుస్తుందని ఒప్పుకున్నట్టే కదా. ఇన్నాళ్లూ మా రొయ్యలు తిన్నది మీరే అన్నమాట.

మాజీ కాటా:
చూశారా, ఇప్పుడు మీకు నీరు ఓడ్చే లెక్క చెప్పాలని ఉన్నా నా చేయి ముందుకు రావడం లేదు. సరే, అడిగినాయన కోసం చెబుతాను.

వల దిగకముందే, ఏరియేటర్లు తిరుగుతుండగానే మాట్లాడాలి. రొయ్య ట్రేలలోకి వచ్చాక గడిచే ప్రతి నిమిషమూ మీకే నష్టం, ఆ సంగతి ఏజెంటుకు తెలుసు. అప్పుడు ఎంత మెత్తగా అన్నా బతిమాలినట్టే ఉంటుంది. అతన్ని నలుగురిలోంచి కాస్త పక్కకు పిలిచి ఇలా అనవచ్చు: "పోయినసారి అంత వానలోనూ ఐసు బండిని వేళకు రప్పించారు, సరుకు చెడిపోకుండా దక్కింది. ఈసారి మీ లెక్కా మా లెక్కా ఒకటిగా రావాలని అనుకుంటున్నాను. ఇద్దరం కలిసి చెరువులో మూడు చోట్ల వల వేద్దాం, బుట్టలోంచి ధార ఆగి చుక్కలు పడే దాకా ఓడ్చి తూద్దాం, సగటు కట్టుకుందాం."

మొదటి వాక్యం నిజంగా జరిగినదై ఉండాలి. ఐసు బండి ఆలస్యమై ఉంటే ఆ మాట ఎత్తకండి, వెటకారం అనుకుంటాడు. పొగిడిన వెంటనే "కానీ" అనవద్దు. "ఏమీ అనుకోవద్దు" అని అసలే మొదలుపెట్టవద్దు, ఆ మాట వినగానే గట్టుమీద ఎవడైనా దెబ్బకు సిద్ధమవుతాడు. మంచి మాట ఒక్కటే చాలు, రెండో వాక్యంలో పని ఉండాలి. పొగడ్త సాగదీస్తే ఈయన చెరువులో ఏదో రోగం ఉంది, తొందరగా అమ్ముకోవాలని చూస్తున్నాడని మేము అనుమానించేవాళ్లం.

గణపవరం కోడలు:
ఇవన్నీ మగవాళ్లకు చెల్లే మాటలు. మా ఆయన గల్ఫులో ఉంటే చెరువు నేనే చూసుకుంటున్నాను. నేను ఎంత మర్యాదగా "రండి తమ్ముడూ, చల్లగా మజ్జిగ తాగండి" అన్నా, ఏజెంటు మా మామగారి వైపు తిరిగి ధర చెబుతాడు. ఒకసారి విసుగెత్తి, పక్క ఊరి కొనుగోలుదారు చెప్పిన ధరను ఫోనులో అందరికీ వినిపించాను. అప్పుడు నా ముఖం చూసి మాట్లాడాడు. చల్లని మాటను బలహీనత అనుకునేవాడి దగ్గర ఏం చేయాలో మాజీ కాటా గారు చెప్పాలి.

లెక్కల మాస్టారు:
అమ్మా, మీరు మజ్జిగ ఇవ్వడమే పొరపాటు, కాఫీ ఇవ్వవలసింది.

గణపవరం కోడలు:
మాస్టారూ, నేను అడిగింది పానీయం గురించి కాదు.

మాజీ కాటా:
అమ్మా, మీరు చేసినది సరైనదే. చేతిలో రెండో ధర ఉన్నవారి నోట మంచి మాట మర్యాదగా వినిపిస్తుంది, లేనివారి నోట అదే మాట ప్రాధేయపడినట్టు ఉంటుంది. రెండో ధరను ముందే చెప్పి తరువాత పలకరించాలా, పలకరించి తరువాత చెప్పాలా అన్నది మాత్రం మనిషిని బట్టి ఉంటుంది. నేనైతే పలకరింపు ముందు పెడతాను, ఆకివీడు గారు ఒప్పుకోరు.

ఆకివీడు ఆక్వా:
ఒప్పుకోను. ధర ముందు, దండం తరువాత.

ఉండి చెరువుగట్టు:
అందరికీ ధన్యవాదాలు. అన్నయ్యను ఐసు దగ్గర నిలబెట్టి నేనే మాట్లాడతాను. మెత్త రొయ్య కోత గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

రాజోలు శివారు:
మా బావమరిది రొయ్యల సాగే. అమావాస్య, పౌర్ణమి దగ్గర రొయ్య గుల్ల విడిచి మెత్తబడడం ఎక్కువని ఆయన ఆ రోజుల్లో వల దింపడు. ఎల్లుండి తిథి ఏమిటో చూసుకున్నారా?

ఉండి చెరువుగట్టు:
అమావాస్య మరుసటి రోజు. లారీ ఖరారైపోయింది.

ఆకివీడు ఆక్వా:
అయితే రేపు సాయంత్రమే వల విసిరి, పట్టిన రొయ్యలను ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూసి, మెత్తవి ఎన్ని ఉన్నాయో రాసి పెట్టుకోండి. ఎక్కువ కనిపిస్తే లారీ బయలుదేరకముందే ఫోను చేసి రెండు రోజులు వాయిదా అడగండి. ఆ ఫోనులో మొదటి మాట ఏమిటన్నది మాజీ కాటా గారిని అడగండి, నాకు చేతకాదు.