లాప్‌టాప్‌లో స్టూడెంట్ మోడల్ బాగుంది, బోర్డు మీద మాత్రం చేనంతా కోతులే అంటోంది

మక్కచేను:
అందరికీ నమస్తే. మక్క కంకి పాలు పోసుకునే టైంకి మా ఊరి మీద కోతుల మంద పడుతుంది. గట్టున ESP32-S3 బోర్డు, దానికి OV2640 కెమెరా పెట్టి, కోతి కనపడితే హారన్ మోగేలా చేద్దామనుకున్నా.

ఫోన్‌తో తీసిన 600 ఫొటోలకు నేనే లేబుల్స్ పెట్టి, DINOv2 బేస్ మోడల్ మీద చిన్న లీనియర్ లేయర్ ట్రెయిన్ చేశా. అదే టీచర్. దాదాపు 8.6 కోట్ల పారామీటర్లు, బోర్డులో పట్టే మాటే లేదు. అందుకే 96×96 ఇన్‌పుట్‌తో MobileNetV2 0.35ని స్టూడెంట్‌గా పెట్టా. బోర్డు తీసిన 640×480 ఫ్రేములు 4 వేలున్నాయి, వాటికి టీచర్ ఇచ్చిన జవాబులే స్టూడెంట్‌కి పాఠం, అదే డిస్టిలేషన్. క్లాసులు రెండే: కోతి, కాదు.

పక్కన పెట్టిన ఫోన్ ఫొటోల మీద స్టూడెంట్ నూటికి 91 కరెక్ట్ చెప్పింది. బోర్డులో వేస్తే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కోతి, కోతి, కోతి. హారన్ గోల భరించలేక నాన్న వైరు పీకేశాడు. తప్పు ఎక్కడ?

నైట్‌షిఫ్ట్:
టీచర్ జవాబుల్ని మెత్తబరిచే టెంపరేచర్ ఎంత పెట్టావ్? 1 దగ్గర ఉంచితే టీచర్ 0.99, 0.01 అనే చెబుతుంది, అందులో స్టూడెంట్‌కి కొత్తగా దొరికేదేం లేదు. 10 పెట్టి చూడు.

మక్కచేను:
పెట్టా అన్నా. 10 పెడితే అసలు టీచర్ లేనట్టే తయారైంది.

పందుల బాధితుడు:
మా వేరుశనగలో అడవి పందులు. రాత్రి రెండింటికి వస్తాయి. నీ టీచర్ ఫైల్ ఇస్తే నేనూ వాడుకుంటా. హారన్ ఏ కంపెనీది?

టంకం పొగ:
ఇక్కడ రెండు జబ్బులున్నాయి తమ్ముడూ, ఒకటి బోర్డుది, ఒకటి పాఠానిది. ముందు బోర్డు సంగతి చూద్దాం. ఎప్పుడూ ఒకే జవాబు వస్తోందంటే మోడల్‌ని తిట్టే ముందు దానికి తినిపిస్తున్నది చూడాలి. `int8` మోడల్‌కి పిక్సెల్స్ ఎలా ఇస్తున్నావో ఆ లైన్ పెట్టు.

మక్కచేను:
```
input->data.int8[i] = rgb[i];
```

టంకం పొగ:
దొరికింది. `rgb` 0 నుంచి 255, `int8` −128 నుంచి 127. నీ మోడల్‌లో నలుపు అంటే −128. నువ్వు నేరుగా పోశావు కాబట్టి ఆకాశం పిక్సెల్ 180 కాస్తా −76 అయింది, మోడల్ దాన్ని 52 అని చదువుకుంది. చెట్టు నీడలోని 40ని 168 అనుకుంది. వెలుతురు చీకటైంది, చీకటి వెలుతురైంది. అలాంటి బొమ్మను అది ట్రెయినింగ్‌లో ఎన్నడూ చూడలేదు.

```
input->data.int8[i] = (int8_t)(rgb[i] - 128);
```

నీ ట్రెయినింగ్‌లో పిక్సెల్స్‌ని −1 నుంచి 1కి మార్చి ఉంటే ఈ లైన్ సరిపోతుంది. మోడల్ ఫైల్‌లో ఇన్‌పుట్ స్కేల్, జీరో పాయింట్ చూసి నిర్ధారించుకో. ఆ తర్వాత మోడల్‌లోకి పోయే 27,648 బైట్లను యథాతథంగా సీరియల్ పోర్టులో బయటికి పంపి, లాప్‌టాప్‌లో బొమ్మగా గీసి చూడు. రంగులు పిచ్చిగా ఉంటే RGB565లో రెండు బైట్లు తారుమారైనట్టు. అవే బైట్లను లాప్‌టాప్‌లోని `int8` మోడల్‌కి ఇస్తే బోర్డు చెప్పిన అంకెలే దాదాపుగా రావాలి. రాకపోతే డిస్టిలేషన్ జోలికి వెళ్లడం దండగ.

మక్కచేను:
మార్చా అన్నా. రంగులు సరిగ్గానే ఉన్నాయి, అంకెలు కలిశాయి. ఇప్పుడు ఎప్పుడూ కోతి అనట్లేదు. కానీ నిజంగా కోతి వచ్చినా సగంసార్లు పలకట్లేదు. ఖాళీ చేనుకి ఉండుండి అరుస్తోంది.

టంకం పొగ:
అది రెండో జబ్బు. టీచర్‌కి ఫ్రేము ఎలా ఇచ్చావు, స్టూడెంట్‌కి ఎలా ఇచ్చావు?

మక్కచేను:
టీచర్‌కి మొత్తం ఫ్రేము 224×224కి కుదించి. స్టూడెంట్‌కి నడిమి 480×480 కోసి 96×96కి. టీచర్ జవాబులు ఒకసారే తీసి ఫైల్‌లో దాచా. స్టూడెంట్ వైపు రాండమ్ క్రాప్ కూడా ఉంది.

టంకం పొగ:
అంటే ఎడమ అంచున కూర్చున్న కోతిని చూసి టీచర్ "కోతి" అంది. స్టూడెంట్‌కి ఇచ్చిన ముక్కలో కోతే లేదు, ఉన్నది మక్క ఆకులు. పాపం అది ఆకుల్నే కోతి అని బట్టీ పట్టింది. ఖాళీ చేనుకి అరవడం అక్కడి నుంచే వచ్చింది. ఇద్దరికీ ఒకే ముక్క చూపించాలి. రాండమ్ క్రాప్ వాడాలంటే ప్రతిసారీ అదే క్రాప్‌ని టీచర్‌కీ ఇచ్చి జవాబు అప్పటికప్పుడు తీసుకోవాలి. దాచిపెట్టిన జవాబు చెల్లదు.

ఇంకోటి. లెన్స్ అడ్డంగా 60 డిగ్రీలు చూస్తుందనుకో. 15 మీటర్ల దూరంలో ఫ్రేములో పట్టేది 17 మీటర్ల చేను. నువ్వు కోసి 96కి కుదిస్తే ఒక్కో పిక్సెల్‌కి 13 సెంటీమీటర్ల పైమాటే. అర మీటరు ఎత్తు కోతి నాలుగు పిక్సెల్స్ కూడా రాదు. టీచర్ ఎంత గొప్పదైనా నాలుగు చుక్కల్లోంచి కోతిని నేర్పలేదు.

ఫ్రేముని 240×240 ముక్కలుగా కోయి. అడ్డంగా 0, 200, 400 దగ్గర మొదలుపెట్టి మూడు, నిలువుగా రెండు వరసలు, మొత్తం ఆరు. ప్రతి ముక్కనీ టీచర్‌కి 224కి, స్టూడెంట్‌కి 96కి మార్చి ఇవ్వు. బోర్డులో కూడా ఇదే కోత. ఏడెనిమిది మీటర్ల లోపైతే కోతికి పధ్నాలుగు పిక్సెల్స్ దాకా వస్తాయి. అంతకు దూరమైతే కెమెరా జరపాల్సిందే.

నైట్‌షిఫ్ట్:
మరి టెంపరేచర్ సంగతి? 10 పెడితే పని చేయాలి కదా.

టంకం పొగ:
మీరు చెప్పింది సగం నిజం గురూ. టెంపరేచర్ T ని పెంచాక లాస్‌ని T² తో గుణించకపోతే గ్రేడియంట్ దాదాపు వందో వంతుకి పడిపోతుంది. టీచర్ లేనట్టే అనిపించింది అందుకే.

```
kd = F.kl_div(F.log_softmax(s/T, 1),
              F.softmax(t/T, 1),
              reduction="batchmean") * T * T
```

అయినా రెండే క్లాసులుంటే టీచర్ చెప్పగలిగేది ఒక్క అంకె. కోతి, కుక్క, మనిషి, ఖాళీ అని నాలుగు పెడితే "ఇది కుక్కే, కానీ కొంచెం కోతిలా ఉంది" అనే సంగతి స్టూడెంట్‌కి చేరుతుంది. T 3 లేదా 4 చాలు.

నైట్‌షిఫ్ట్:
నేను రెండు క్లాసులతోనే చేశా, లాభం కనపడింది. కాకపోతే అది ఫ్యాక్టరీలో, లైటు ఎప్పుడూ ఒకేలా ఉండేది.

మక్కచేను:
వారం తర్వాత వస్తున్నా. నాలుగు క్లాసులు చేసి టీచర్ లేయర్‌ని మళ్లీ ట్రెయిన్ చేశా. బోర్డు ఫ్రేముల ముక్కలు 200 తీసి టీచర్ జవాబుల్ని చేత్తో సరిచూస్తే 31 తప్పు. ఫోన్ ఫొటోల మీద నేర్చుకున్నది ఈ పచ్చటి మసక బొమ్మల దగ్గర తడబడింది. ఆ ముక్కల్లోంచే 300కి లేబుల్స్ పెట్టి మళ్లీ నేర్పిస్తే, ఇంకో 200లో తప్పులు 9కి దిగాయి. ఆ తర్వాతే స్టూడెంట్‌ని మొదలుపెట్టా. ఇప్పుడు దగ్గరికొచ్చిన కోతిని బాగా పడుతోంది. కానీ ఫ్రేముకి ఆరుసార్లు అడుగుతున్నాం కదా, ఉత్తుత్తి హారన్లు పెరిగాయి.

టంకం పొగ:
ఒకే ముక్కలో వరసగా రెండు ఫ్రేములకి కోతి అంటేనే మోగించు. కొమ్మ ఊగితే వచ్చే హారన్లు చాలావరకు పోతాయి.

పందుల బాధితుడు:
నా ప్రశ్న మిగిలిపోయింది.

టంకం పొగ:
కోతులు చీకటిపడితే చెట్టెక్కి పడుకుంటాయి కాబట్టి తమ్ముడికి పగటి కెమెరా సరిపోయింది. మీకు సరిపోదు. మామూలుగా OV2640 లెన్స్‌లో ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ ఉంటుంది, ఇన్‌ఫ్రారెడ్ బల్బు పెట్టినా చీకటే. ఫిల్టర్ లేని లెన్స్ కావాలి, ఆ నలుపు తెలుపు బొమ్మలతో టీచర్‌ని మళ్లీ సరిచూడాలి. పందుల్ని నేనెప్పుడూ చేయలేదు. ఎవరైనా చేసుంటే చెప్పండి.

మక్కచేను:
కొండముచ్చు వస్తే ఏ క్లాసులో వేయాలి అన్నా? టీచర్ దాన్ని ఒకసారి కోతి అంటోంది, ఒకసారి కుక్క అంటోంది.