ఫ్లేమ్ స్టిచ్: లేత షేడ్ అయ్యాక మళ్ళీ ముదురుకు దూకాలా, మెల్లగా వెనక్కి రావాలా?

ఊలుబుట్ట:
ఫ్లేమ్ స్టిచ్‌లో, అంటే కాన్వాస్ మీద మంటల్లా పైకీ కిందికీ సాగే జిగ్‌జాగ్ కుట్టుతో, 14 అంగుళాల కుషన్ మొదలుపెడుతున్నాను. అంగుళానికి 14 దారాల మోనో కాన్వాస్. ముదురు మెరూన్ నుంచి లేత పసుపు దాకా ఆరు షేడ్ల ఊలు, అన్నీ సమానంగా కొన్నాను. కుట్టు నాలుగు దారాల ఎత్తు, ఒక కుట్టు నుంచి పక్క కుట్టుకు మెట్టు రెండు దారాలు, శిఖరం నుంచి లోయకు 12 మెట్లు. ఆరో షేడ్ తర్వాత మళ్ళీ మెరూన్ వెయ్యాలా, లేక 5, 4, 3 అంటూ వెనక్కి రావాలా? ఇంకో టెన్షన్ కూడా ఉంది. మొదటి జిగ్‌జాగ్ గీతను కాన్వాస్ మధ్యలో మొదలుపెట్టాలా, ఎడమ అంచు నుంచా?

సూదిమొన:
దూకాలి, ఇందులో చర్చే లేదు. లేత పసుపు మీద మెరూన్ పడినప్పుడే మంట అంచు తెగినట్టు కనిపిస్తుంది. వెనక్కి వస్తే వచ్చేది మంట కాదు, మెత్తటి అలలు. ఫ్లోరెన్స్‌లో బార్జెల్లో మ్యూజియం కుర్చీల వల్లే ఈ కుట్టుకు బార్జెల్లో అని పేరు వచ్చింది. అసలు సంప్రదాయం అది. మొదటి గీత ఎక్కడ మొదలుపెట్టినా ఒకటే, లెక్క తప్పకపోతే చాలు.

రంగులపెట్టె:
ఆ కుర్చీలు 17వ శతాబ్దానివి. వాటిని చూపించి మన కుషన్‌కి రూల్ పెట్టడం ఏమిటండీ? ఇటలీలోనే దీన్ని హంగరీ కుట్టు అని కూడా అంటారు. ఒకే సంప్రదాయం అని చెప్పడానికి వీల్లేదు.

నా ఓటు వెనక్కి రావడానికే. సోఫా మీద కుషన్ ఎటు తిరిగి పడుతుందో ఎవరూ చూడరు. దూకే వరసకు పైన, కింద అనేవి ఉంటాయి. తలకిందులుగా పెడితే మంటలు కిందికి కారుతున్నట్టు ఉంటుంది. తిరిగొచ్చే వరసలో ఆ గొడవ లేదు.

క్రోషియా సుజాత:
నేను ఇలాంటి అలల దుప్పటి అల్లాను. అందులో వెనక్కి వచ్చే వరసే వేశాను, చాలా బాగుంది. రెండు మూడు చోట్ల కొనల దగ్గర ఒక కుట్టు ఎక్కువ పడి అంచు వంకర పోయింది. మీకు కూడా కొన దగ్గర కుట్లు పెంచడం, లోయ దగ్గర తగ్గించడం ఉంటుందా?

గడులలెక్క:
సుజాత గారూ, ఇది సూదితో కాన్వాస్ మీద కుట్టేది. ఇక్కడ కుట్లు పెంచడం, తగ్గించడం ఉండదు. ఒక గీతలో ప్రతి నిలువు సందుకూ ఒకే కుట్టు పడుతుంది, అది పైకో కిందికో జరుగుతుంది అంతే. అందుకే మొదటి గీత తప్పితే మీ దుప్పటిలా అంచు వంకర పోదు. ఆ తప్పు పై వరుసలన్నిటికీ అలాగే ఎక్కిపోతుంది. ఆ తర్వాత సర్దడానికి దారి ఉండదు, విప్పడమే.

ఊలుబుట్ట గారూ, మధ్యలోనే మొదలుపెట్టండి. మీ లెక్కలో ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి 24 కుట్లు. ఎనిమిది అలలంటే 192, చివరి శిఖరం కుట్టు కలిపితే 193. 14 అంగుళాల్లో 196 సందులు ఉంటాయి, అంటే మూడు మిగులుతాయి. ఎడమ అంచు నుంచి శిఖరంతో మొదలుపెడితే ఆ మూడూ కుడివైపే పడి, అక్కడ మాత్రం చిన్న తోక కనిపిస్తుంది. మధ్య కుట్టును శిఖరంగా పెట్టి అటు 96, ఇటు 96 వేస్తే మిగిలినవి ఒకవైపు ఒకటి, ఇంకోవైపు రెండు. అవి కుషన్ అంచు మడతలోకి వెళ్ళిపోతాయి. సూదిమొన గారు అన్నట్టు లెక్క తప్పకపోతే ఎక్కడైనా ఒకటే, నిజమే. కానీ అంచు నుంచి మొదలుపెట్టినవాళ్ళకు తప్పు జరిగిన సంగతి చివరి అల దగ్గర గానీ తెలియదు. మధ్య నుంచి వేస్తే ప్రతి అలనూ రెండో వైపు అలతో పోల్చి చూసుకోవచ్చు.

మధ్యను గుర్తు పెట్టడానికి పెన్సిల్ వద్దు, మరక లేత ఊలుకు అంటుతుంది. లేత రంగు కుట్టు దారంతో నిలువుగా, అడ్డంగా పెద్ద పెద్ద టాకాలు వేసుకోండి. మొదటి గీత మెరూన్‌తో వెయ్యండి, రంధ్రాలు బాగా కనిపిస్తాయి. గీత పూర్తయ్యాక శిఖరాల పై రంధ్రాలన్నీ ఒకే అడ్డగీత మీద ఉన్నాయో లేదో ఒక సన్న దారం లాగి చూడండి. లోయల కింది రంధ్రాలకూ అంతే. ఏదైనా శిఖరం దారం కన్నా రెండు రంధ్రాలు పైనో కిందో ఉంటే, దానికి ముందున్న వాలులో ఒక మెట్టు ఎక్కువో తక్కువో పడిందన్నమాట. రెండో వరుస మొదలుపెట్టకముందే ఇది తేలిపోవాలి.

ఊలుబుట్ట:
ధన్యవాదాలండీ, గీత సంగతి అర్థమైంది. మరి రంగులు?

గడులలెక్క:
రంగుల వరసను విడిగా తేల్చలేం, గీత ఎత్తుతో కలిపి చూడాలి. మీ శిఖరానికీ లోయకూ తేడా 12 మెట్లు, మెట్టుకు రెండు చొప్పున 24 దారాలు. దూకే వరసలో ఆరు షేడ్లు, ఒక్కోటి నాలుగు దారాలు, అదీ 24. రెండూ సమానమైపోయాయి. దాంతో ఒక మెరూన్ గీత శిఖరాలు ఏ ఎత్తులో ఉంటాయో, పై మెరూన్ గీత లోయలు సరిగ్గా అదే ఎత్తులో ఉంటాయి. దూరం నుంచి చూస్తే మంటల మధ్య అడ్డంగా చారలు కనిపిస్తాయి. నా కంటికి అది నచ్చదు.

మార్గం ఉంది. శిఖరం నుంచి లోయకు 12 మెట్లు కాకుండా 16 పెట్టండి. అప్పుడు అలకు 32 కుట్లు, ఆరు అలలకు మళ్ళీ 192, శిఖరంతో 193. కాన్వాస్ కొలత మారదు, మధ్య శిఖరం మధ్యలోనే ఉంటుంది. ఎత్తు తేడా 32 దారాలు అవుతుంది, రంగుల చుట్టు 24 దగ్గరే ఉంటుంది. మంటలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి, చారలు పడవు.

రంగులపెట్టె:
చారలు అనకండి, పొందిక అనండి! ఆ సమానత్వం వల్లే కొన్ని పనులు ప్రశాంతంగా ఉంటాయి. నేను కావాలనే అలా వేయించుకున్నవాళ్ళను చూశాను.

అదీకాక మీ లెక్క దూకే వరసకే. 1-2-3-4-5-6-5-4-3-2 అని వస్తే చుట్టు పది వరుసలు, 40 దారాలు. 24 ఎత్తుతో అది కలవదు. గీత మార్చనక్కర్లేదు.

గడులలెక్క:
కలవదు, ఒప్పుకుంటాను. అయితే ఊలు సంగతి చూడండి. కుషన్ ఎత్తు 196 దారాలు అంటే దాదాపు 49 వరుసలు. దూకే వరసలో ఒక్కో షేడ్‌కి ఎనిమిది వరుసలు వస్తాయి, సమానంగా కొన్నది సమానంగా అయిపోతుంది. తిరిగొచ్చే వరసలో మెరూన్, లేత పసుపు చుట్టుకు ఒక్కసారే వస్తాయి, మధ్య నాలుగూ రెండేసి సార్లు వస్తాయి. సుమారుగా చివరివి అయిదేసి వరుసలు, మధ్యవి పదేసి. మధ్య షేడ్లు చాలవు, చివరివి మిగిలిపోతాయి. మధ్యలో అయిపోతే మళ్ళీ కొన్న ఊలు వేరే రంగు ముంచులోది కావచ్చు. నంబర్ అదే అయినా వరుస మధ్యలో గీత గీసినట్టు తేడా కనిపించే ప్రమాదం ఉంది.

సూదిమొన:
చూశారా, దూకడమే నయం.

ఒక్కటి నేనూ చేర్చాలి. మధ్య గీత నుంచి పైకీ కిందికీ పని సాగుతుంది కదా, అక్కడే చాలామంది బోల్తా పడతారు. మెరూన్ గీతకు పైన 2, 3, 4 అని వేసి, కింద కూడా 2, 3, 4 అని వేసేస్తారు. అలా చేస్తే కుషన్ నట్టనడుమ అద్దంలో బొమ్మ పడుతుంది, మిగతా అంతా దూకుతుంది. కిందికి 6, 5, 4, 3 అని రావాలి. మెరూన్‌కి పైన రెండో షేడ్, కింద లేత పసుపు.

నాగార్జున (డల్లాస్):
మా అమ్మ వేసే పని చూస్తుంటాను, అందుకే ఈ థ్రెడ్ చదివాను. షేడ్లు నంబర్ల ప్రకారం పేర్చుకుంటే సరిపోదా? అమ్మ ఎప్పుడూ కళ్ళు చికిలించి చూసి పేరుస్తుంది.

రంగులపెట్టె:
అమ్మగారే కరెక్ట్. నంబర్లను నమ్మకండి. డీఎంసీ ఎంబ్రాయిడరీ దారాల్లో ఒక నీలం కుటుంబమే తీసుకోండి. ముదురు నుంచి లేతకు 312, 322, 334, 3755, 3325, 775 అని వస్తాయి. నంబర్ల వరసలో పేరిస్తే 775 వచ్చి 3325 కన్నా ముందు కూర్చుంటుంది. పెద్దవాటిలో 3325 ముందు, 3755 తర్వాత, అంటే ఆ రెండూ తారుమారు.

షేడ్లను ఒక అట్ట ముక్కకు పక్కపక్కనే, వరుస మందాన చుట్టి, ఫోన్‌లో ఫొటో తీసి నలుపు-తెలుపులోకి మార్చండి. రెండు పక్క షేడ్లు ఒకే బూడిద రంగులో కలిసిపోతే, కాన్వాస్ మీద అవి రెండు వరుసలుగా కాక ఒక లావు పట్టీలా కనిపిస్తాయి. ఎక్కడైనా ఒక్కసారిగా దూకితే అక్కడ అక్కర్లేని గీత పడుతుంది.

గడులలెక్క:
ఒక్క హెచ్చరిక. అది ఒకే రంగు కుటుంబానికి బాగా పనిచేస్తుంది. ఊలుబుట్ట గారిది మెరూన్ నుంచి ఎరుపు, నారింజ, పసుపు. ఎరుపూ నారింజా బూడిదలో దగ్గరగా వచ్చినా కంటికి వేరుగానే ఉంటాయి, అలాంటి జతను తీసెయ్యక్కర్లేదు. పైగా రాత్రి బల్బు కింద తీసిన ఫొటోలో పసుపు షేడ్లు తారుమారు కావచ్చు. పగలు కిటికీ దగ్గర తీయండి.

రంగులపెట్టె:
నేను ఒప్పుకోను. ఎరుపు నారింజ జతే నాకు ఎప్పుడూ మంట మధ్యలో బురదలా కనిపిస్తుంది. తీసేసి అయిదు షేడ్లతో వేస్తాను.

సూదిమొన:
అయిదు తీసుకుంటే చుట్టు 20 దారాలు. 12 మెట్ల ఎత్తు 24. అంటే గడులలెక్క గారు చెప్పిన చారల గొడవ గీత మార్చకుండానే పోతుంది కదా?

గడులలెక్క:
పోతుంది. కానీ చుట్టు చిన్నదవుతుంది, మెరూన్ గీతలు దగ్గరదగ్గరగా పడి పని కాస్త కిక్కిరిసి కనిపిస్తుంది. ఇక అయిదు షేడ్లకు ఊలు కూడా సరిపోదు. ఒక్కోటి దాదాపు పది వరుసలు కావాలి, ఆరింటికని కొన్నది ఎనిమిదికే వస్తుంది.

ఊలుబుట్ట:
అయితే ఆరు షేడ్లు, 16 మెట్లు, దూకే వరస. రేపు అట్ట మీద చుట్టి కిటికీ దగ్గర ఫొటో పెడతాను. నా మూడో, నాలుగో షేడ్లు అవే ఎరుపూ నారింజా, మీ ఇద్దరూ చూసి చెప్పండి. ఇంకొకటి: ముదురు నుంచి లేతకు వెళ్ళేది కింద నుంచి పైకా, పై నుంచి కిందికా?

సూదిమొన:
కింద ముదురు, పైకి లేత. మంట అలాగే ఉంటుంది.

రంగులపెట్టె:
నిజం మంట చూడండి, మొదట్లోనే కాంతి ఎక్కువ, కొన ఎర్రబడుతుంది. కింద లేత, పైకి ముదురు అని నా ఓటు.